మూత్రపిండాలు దేన్ని ఉంచుకుంటాయి? దేన్ని వదిలేస్తాయి?

మూత్రపిండం అంటే రక్తంలోని చెత్తను ఏరి బయట పారేసే జల్లెడ అని మనలో చాలామంది అనుకుంటాం. ఆ మాటలో సగమే నిజం. చెత్తను గుర్తుపట్టి, దాన్ని మాత్రమే ఏరి పారేయడం అనే పద్ధతి మూత్రపిండంలో దాదాపు లేదు. అక్కడ జరిగేది దానికి తిరగబడిన పని.

పండక్కి ముందు ఇంటికి సున్నం వేయించేటప్పుడు ఏం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. అటకమీద పనికిరాని డబ్బా ఎక్కడుందో వెతుకుతూ కూర్చోం. పెట్టెలు, గిన్నెలు, పరుపులు అన్నీ ముందు వాకిట్లోకి చేరవేస్తాం. గోడలు ఆరాక మనకు కావలసిన వస్తువులను ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటాం. ఎవరూ తిరిగి తీసుకురాని వస్తువులే పాత సామాన్లవాడి బండి ఎక్కుతాయి. మూత్రపిండం చేసే పని సరిగ్గా ఇదే. ముందు రక్తంలోని నీటిని, అందులో కరిగి ఉన్న మంచీ చెడూ అన్నింటినీ బయటికి వదిలేస్తుంది. ఆ తర్వాత కావలసినవాటిని వెనక్కి తీసుకుంటుంది. అలా తీసుకోకుండా మిగిలిపోయినదే మూత్రం.

ఈ ఒక్క సంగతి బోధపడితే షుగరు రోగికి మూత్రం ఎందుకు ఎక్కువ వస్తుందో, రోజా ఉన్న రోజు సాయంత్రం మూత్రం ఎందుకు ముదురు పసుపుగా మారుతుందో, రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త పెరిగితే డాక్టరు ఎందుకు కంగారు పడతారో, డయాలసిస్ ఏం చేయగలదో, ఏం చేయలేదో అన్నీ తేలికగా అర్థమవుతాయి.

వాకిట్లోకి చేరవేయడం

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే ఒక చిన్న వడపోత గది, దానికి తగిలించిన ఒక సన్నని పొడవాటి గొట్టం. వడపోత గదిలో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు ఉండగా చుట్టుకుని ఉంటాయి. ఆ ఉండను గ్లోమెరులస్ అంటారు. రక్తపు ఒత్తిడే ఇక్కడ పని చేసే శక్తి. ఆ ఒత్తిడికి రక్తంలోని నీరు నాళాల గోడలగుండా గదిలోకి ఊరుతుంది. నీటితోపాటు ఉప్పు, చక్కెర, అమైనో ఆమ్లాలు, యూరియా, క్రియాటినిన్ వంటి చిన్న అణువులన్నీ వచ్చేస్తాయి. రక్తకణాలు, ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రొటీన్లు మాత్రం గోడ దాటలేక రక్తంలోనే ఉండిపోతాయి. జల్లెడ అనే మాట సరిపోయేది ఇక్కడివరకే. ఆ జల్లెడకు పరిమాణం తెలుసు, మంచీ చెడూ తెలియదు.

ఎంత ఊరుతుందో చూడండి. గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే ఒక లీటరుకు పైగా, ఈ రెండు చిన్న అవయవాలకే వెళుతుంది. అందులోంచి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవం వడపోత గదుల్లోకి వస్తుంది. రోజుకు లెక్క కడితే 180 లీటర్లు. మన ఒంట్లో రక్తకణాలను మినహాయిస్తే మిగిలే రక్తద్రవం మూడు లీటర్లే. అంటే ఆ మూడు లీటర్లనూ మూత్రపిండాలు రోజుకు అరవై సార్లు వాకిట్లోకి చేరవేసి, మళ్ళీ ఇంట్లో సర్దుతున్నాయి. చివరికి మూత్రంగా పోయేది సుమారు ఒకటిన్నర లీటర్లే. నూటికి తొంభై తొమ్మిది వంతులు వెనక్కి వచ్చేస్తున్నాయి.

ఇది ఊహ కాదు, పరీక్షించి తేల్చిన విషయం. మూత్రం ముందు వడపోతగా మొదలవుతుందని 1840లలోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ అన్నారు. కాని కళ్ళతో చూసినవారు లేరు. 1920లలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వేర్న్, ఆల్‌ఫ్రెడ్ రిచర్డ్స్ అనే ఇద్దరు ఆ పని చేశారు. వాళ్ళు సూక్ష్మదర్శిని కింద కప్ప మూత్రపిండాన్ని ఉంచి, అతి సన్నని గాజు గొట్టంతో ఒకే ఒక్క వడపోత గదిలోంచి ద్రవాన్ని తీశారు. ఆ ద్రవంలో ప్రొటీన్ లేదు, చక్కెర మాత్రం ఉంది. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర లేదు. గదిలో ఉన్న చక్కెర మూత్రాశయం చేరేసరికి లేదంటే దారిలో ఎవరో దాన్ని వెనక్కి తీసుకున్నారన్నమాట. 1924లో వెలువడిన ఈ ఫలితంతో వడపోత, తిరిగి తీసుకోవడం అనే రెండు మెట్లూ రుజువయ్యాయి.

ఇంత నీటిని బయట పోసి మళ్ళీ ఎత్తుకోవడం వృథా శ్రమ కదా, చెత్తనే ఏరి పారేస్తే పోదా అనిపించవచ్చు. అలా ఏరాలంటే ప్రతి చెత్తనూ గుర్తుపట్టే ఏర్పాటు ఒకటి ఉండాలి. మనం తినే ఆకుకూరలో, మింగే మందులో, పీల్చే పొగలో ఎప్పుడు ఏ కొత్త పదార్థం ఒంట్లోకి వస్తుందో ఎవరికి తెలుసు? అదే కావలసినవాటి జాబితా చాలా చిన్నది, మారనిది. నీరు, ఉప్పు, చక్కెర, మరికొన్ని. వాటిని మాత్రం గుర్తుపట్టి వెనక్కి తీసుకుంటే చాలు, జాబితాలో లేనిదంతా తనంతట తానే బయటికి పోతుంది.

చక్కెర లెక్క

వెనక్కి తీసుకునే పని నెఫ్రాన్‌లోని గొట్టానిది. ఆ గొట్టం గోడల్లోని కణాలపై చక్కెరకు ఒక రకం, అమైనో ఆమ్లాలకు ఒక రకం, ఉప్పుకు ఇంకో రకం అంటూ రవాణా ప్రొటీన్లు ఉంటాయి. వీటిని రైల్వే స్టేషన్‌లో కూలీలనుకోండి. ఒక్కో కూలీ తనకు అప్పగించిన సరుకునే మోస్తాడు.

భోజనానికి ముందు ఆరోగ్యవంతుడి రక్తంలో డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా చక్కెర ఉంటుంది. రోజుకు 180 లీటర్లు వడపోతకు వస్తుంది కాబట్టి, దానితో సుమారు 180 గ్రాముల చక్కెర గొట్టాల్లోకి వస్తుంది. కూలీలు ఆ మొత్తాన్నీ గొట్టం మొదటి భాగంలోనే మోసి రక్తానికి అప్పజెబుతారు. అందుకే మామూలు మనిషి మూత్రంలో చక్కెర కనపడదు.

రక్తంలో చక్కెర 180 మిల్లీగ్రాములు దాటిందనుకోండి. కూలీలు అంతమందే, వాళ్ళ వేగమూ అంతే. సరుకు మాత్రం పెరిగిపోయింది. మోయగా మిగిలిన చక్కెర గొట్టంలో ముందుకు కొట్టుకుపోతుంది. చక్కెర ఉన్నచోట నీరు నిలుస్తుంది, కాబట్టి అది తనతో నీటిని కూడా లాక్కుపోతుంది. షుగరు అదుపులో లేనివారికి మాటిమాటికీ మూత్రం రావడం, నాలుక పిడచకట్టుకుపోవడం ఇందువల్లే. దాహం వేసింది కాబట్టి ఎక్కువ నీళ్ళు తాగడం, తాగారు కాబట్టి ఎక్కువ మూత్రం రావడం కాదు. ముందు మూత్రం పోయింది, అందుకే దాహం వేసింది.

ఇప్పుడు చాలామందికి రాస్తున్న డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఈ చక్కెర కూలీలనే కావాలని ఆపుతాయి. అవి వేసుకునేవారి మూత్రపరీక్షలో చక్కెర బాగా కనిపిస్తుంది. అది జబ్బు ముదిరిన గుర్తు కాదు, మందు పని చేస్తోందన్న గుర్తు. ఈ సంగతి తెలియక మూత్రంలో షుగరు చూసి హడలిపోయి మాత్ర ఆపేసేవారున్నారు.

తీసుకోవడమే కాదు, గొట్టం కణాలు కొన్నింటిని రక్తంలోంచి లాగి మరీ గొట్టంలోకి తోస్తాయి. పొటాషియం అలా పోతుంది. పెన్సిలిన్ కూడా అలాగే చకచకా బయటికి పోతుంది. 1940ల మొదట్లో ఆ మందు ఎంత అరుదుగా దొరికేదంటే, రోగి మూత్రంలోంచి దాన్ని మళ్ళీ తీసి శుద్ధిచేసి వాడేవారు.

రోజా రోజున నీటి లెక్క

చక్కెర విషయంలో మూత్రపిండానికి ఒకటే నియమం: దొరికినదంతా తీసుకో. నీటి విషయంలో అలా కుదరదు. ఒకరోజు నీరు ఎక్కువవుతుంది, ఒకరోజు తక్కువవుతుంది. అప్పుడప్పుడు నిర్ణయం మార్చుకోవాలి. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో రంజాన్ నెలలో ఒక మామూలు రోజును తీసుకుని చూద్దాం.

తెల్లవారుజామున సహరీలో ఒకరు లీటరు నీళ్ళు గబగబా తాగారనుకుందాం. పగలంతా దాహం వేయకుండా నిల్వ చేసుకుందామని ఆయన ఆలోచన. నీరు రక్తంలో కలవగానే రక్తం కాస్త పలచబడుతుంది. మెదడులో రక్తపు చిక్కదనాన్ని కనిపెట్టే కణాలున్నాయి. నూటికి ఒక వంతు తేడా వచ్చినా వాటికి తెలిసిపోతుంది. రక్తం పలచబడగానే అవి ఏడీహెచ్ అనే హార్మోన్‌ను దాదాపు ఆపేస్తాయి. ఈ హార్మోన్ మూత్రపిండానికి ‘నీటిని వెనక్కి తీసుకో’ అని చెప్పే కబురు. కబురు రాలేదు కాబట్టి గొట్టపు చివరి భాగం నీటిని వదిలేస్తుంది. ఆయన తాగిన దాంట్లో ఎక్కువ భాగం రెండు గంటల్లో తెల్లటి మూత్రంగా వెళ్ళిపోతుంది. ఒంట్లో నీటిని దాచే తొట్టి ఏదీ లేదు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా తాగిన నీరు ఒంటికి పట్టినట్టు, చివర్లో ఒక్కసారిగా తాగింది పట్టదు. సహరీలో ఆవకాయ, అప్పడాలు దండిగా తింటే ఆ ఉప్పు రక్తాన్ని చిక్కబరచి దాహాన్ని ముందుకు తెస్తుంది.

మధ్యాహ్నం అయ్యేసరికి చెమట రూపంలో, ఊపిరితో ఆవిరిగా నీరు పోయి రక్తం కొద్దిగా చిక్కబడుతుంది. ఇప్పుడు ఏడీహెచ్ కబురు బలంగా వస్తుంది. గొట్టపు చివరి భాగంలోని కణాలు తమ గోడలో నీటి రంధ్రాలను తెరుస్తాయి. ఆక్వాపోరిన్లు అనే ఈ రంధ్రాలను కనుగొన్నందుకే పీటర్ ఏగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రంధ్రాలు తెరిచినంత మాత్రాన నీరు కదలదు, దాన్ని లాగేది ఒకటి ఉండాలి. మూత్రపిండం లోపలి భాగంలో ఉప్పు, యూరియా పోగుపడి రక్తంకన్నా నాలుగు రెట్లు చిక్కగా ఉంటాయి. ఊరగాయకు కలిపిన ఉప్పు మామిడి ముక్కలోని నీటిని లాగినట్టు, అవి గొట్టంలోని నీటిని లాగేస్తాయి. మూత్రం తగ్గిపోయి ముదురు రంగుకు మారుతుంది. రంగునిచ్చే పదార్థం రోజూ ఉండేంతే ఉంటుంది, దాన్ని కలిపిన నీరే తగ్గింది. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్న మనిషికి అసర్ వేళకు వచ్చే ఆ కొద్ది ముదురు మూత్రం అవి చక్కగా పని చేస్తున్నాయనడానికి గుర్తు.

ఈ పొదుపుకు ఒక హద్దుంది. యూరియా, ఉప్పులు నీటిలో కరిగే పోవాలి, పొడిగా పోలేవు. ఎంత చిక్కబరిచినా నాలుగు రెట్లు మించి చిక్కబరచడం మనిషి మూత్రపిండానికి చేతకాదు. ఆ లెక్కన ఒక రోజు వ్యర్థాలను మోయడానికి కనీసం అర లీటరు నీరు ఖర్చు కావాల్సిందే. మూత్రపిండం నీటిని ఆదా చేయగలదు, తయారు చేయలేదు. ఆ లోటును తీర్చేది ఇఫ్తార్‌లో తాగే నీరే.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి తొందరగా పోయే శక్తుల్లో ఈ చిక్కబరిచే శక్తి ఒకటి. వాళ్ళకు నీరు తాగినా తాగకపోయినా మూత్రం ఒకే పలుచన. రాత్రిపూట ఆదా చేయలేరు కాబట్టి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. రాత్రి లేవడానికి షుగరు, ప్రోస్టేట్ వంటి వేరే కారణాలు కూడా ఉంటాయి, కాబట్టి పరీక్ష చేయించుకునే తేల్చుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉందని తెలిసినవారు రోజా ఉండాలా వద్దా అన్నది ముందుగా డాక్టరును అడిగి తెలుసుకోవాలి. వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఉన్నది ఇలాంటివారి కోసమే.

ఇక్కడే నొప్పి మాత్రల సంగతి చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వడపోత గదికి వచ్చే రక్తనాళం ముడుచుకుపోకుండా మూత్రపిండం కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు ఆ రసాయనాలను ఆపుతాయి. ఎండలో పని చేసి చెమటలు కక్కినవారు, వాంతులు విరేచనాలతో ఉన్నవారు, వయసు మళ్ళినవారు ఒళ్ళునొప్పులకని దుకాణంలో అడిగి ఈ మాత్రలు వేసుకుంటే, వడపోత ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఎవరూ తీసుకోని సరుకు

క్రియాటినిన్ అనే పదార్థం కండరాల్లో రోజూ తయారవుతుంది. దానితో ఒంటికి పని లేదు. గొట్టంలో దాన్ని మోసే కూలీ కూడా లేడు. వడపోతకు వచ్చినదంతా బయటికే. అందుకే వడపోత ఎంత జరుగుతోందో కొలవడానికి అది మంచి కొలబద్ద అయింది. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం.

యాభై ఏళ్ళ దర్జీ ఒకాయన ఉన్నాడనుకోండి. బరువు 72 కిలోలు, పదేళ్ళుగా షుగరు ఉంది. ఆయన కండరాలు రోజుకు 1,440 మిల్లీగ్రాముల క్రియాటినిన్ తయారు చేస్తాయి. నిమిషానికి ఒక మిల్లీగ్రాము అన్నమాట. వడపోత నిమిషానికి 100 మిల్లీలీటర్లు ఉందనుకుందాం, అంటే ఒక డెసిలీటరు. నిమిషానికి ఒక మిల్లీగ్రాము వస్తోంది, ఒక డెసిలీటరు శుభ్రపడుతోంది. రాబడి, పోకడ సమానం కావాలంటే రక్తంలో డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండాలి. ఆయన రిపోర్టులో క్రియాటినిన్ 1.0 అని వస్తుంది.

కొన్నేళ్ళకు రిపోర్టులో 1.4 వచ్చింది. ల్యాబు కాగితం మీద హద్దు 1.2 లేదా 1.3 అని ఉంటుంది. కాస్తే కదా పెరిగింది, పత్యం చేస్తే సరిపోతుందిలే అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. లెక్క వేసి చూడండి. కండరాల రాబడి మారలేదు, పోకడ తగ్గింది. 100ని 1.4తో భాగిస్తే 71. నూటికి దాదాపు ముప్పై వంతుల వడపోత అప్పటికే పోయింది.

క్రియాటినిన్ 2కు చేరితే వడపోత 50, అంటే సగం పోయింది. 4కు చేరితే 25. 8కి చేరితే 12 లేదా 13. ఈ వరుసను ఒకసారి నిదానంగా గమనించండి. ఒకటి నుంచి రెండుకు పెరిగినప్పుడు ఆయన 50 వంతులు పోగొట్టుకున్నాడు. నాలుగు నుంచి ఎనిమిదికి పెరిగినప్పుడు పోగొట్టుకున్నది 12 చిల్లర మాత్రమే, ఎందుకంటే పోగొట్టుకోవడానికి ఇక పెద్దగా మిగల్లేదు. చిన్న అంకె కదలినప్పుడే పెద్ద నష్టం జరిగింది. మనం మాత్రం పెద్ద అంకె చూశాకే పరుగెత్తుతాం.

మరి సగం పోయినా ఆయనకు తెలియలేదేం? పోయిన నెఫ్రాన్లు తిరిగి పుట్టవు. మిగిలినవి వాటి బరువును కూడా తలకెత్తుకుంటాయి. ఒంట్లో నీరు, ఉప్పు లెక్క తప్పనివ్వవు. మూత్రం మామూలుగానే వస్తుంది, ఒక్కోసారి ఎక్కువే వస్తుంది. మూత్రం బాగానే వస్తోంది కాబట్టి కిడ్నీలు బాగున్నాయనుకోవడం అందుకే పొరపాటు. ఎంత వస్తోందన్నది కాదు, అందులో ఏం పోతోందన్నదే ముఖ్యం. కాళ్ళవాపు, వాంతులు, ఆయాసం సాధారణంగా బాగా ఆలస్యంగా వచ్చే గుర్తులు.

ఇంకో మెలిక ఉంది. కండ తక్కువ ఉన్నవారిలో క్రియాటినిన్ రాబడే తక్కువ. బక్కపలచని డెబ్భై ఏళ్ళ అవ్వకు రిపోర్టులో 1.1 వచ్చినా వడపోత సగానికి దగ్గరలో ఉండవచ్చు. అందుకే వయసు, ఆడా మగా తేడా లెక్కలోకి తీసుకుని ల్యాబువాళ్ళు ఈజీఎఫ్‌ఆర్ అనే మరో అంకె వేస్తారు. రిపోర్టు చేతికి రాగానే చూడవలసింది ఆ అంకెను. అది మూడు నెలలకు మించి 60 కన్నా తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు.

జల్లెడ చిరిగినప్పుడు

క్రియాటినిన్ కదలకముందే మనకు ఇంకో గుర్తు దొరుకుతుంది. వడపోత గోడను ఆల్బుమిన్ దాటలేదని చెప్పుకున్నాం. ఏళ్ళ తరబడి ఎక్కువ షుగరు, ఎక్కువ బీపీ ఉంటే ఆ గోడ పాడై ఆల్బుమిన్ కారడం మొదలవుతుంది. మొదట్లో కంటికేమీ కనిపించదు. బాగా ముదిరాక మూత్రంలో నురగ నిలిచిపోతుంది. కంటికి కనిపించని దశలోనే పట్టుకునే పరీక్ష యూరిన్ ఏసీఆర్. కొద్దిగా మూత్రం ఇస్తే చాలు. ఫలితం గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఒకసారి ఎక్కువ వచ్చినంతలో భయపడక్కర్లేదు. జ్వరం, గట్టి వ్యాయామం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. మూడు నెలల్లో మళ్ళీ చేయించినా అలాగే ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. ఆ దశలో రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మందులు వడపోత గదిలోని ఒత్తిడిని తగ్గించి గోడను కాపాడతాయి. మన దర్జీకి క్రియాటినిన్ 1.0 ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయించి ఉంటే, లెక్క 1.4 దాకా వెళ్ళకుండా ఆపే అవకాశం ఉండేది.

ఏసీఆర్ ఒక్కటే చాలదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వేలమందిని పట్టి పీడిస్తున్న జబ్బులో చాలామందికి షుగరు లేదు, ఆల్బుమిన్ కూడా పెద్దగా కారదు. అక్కడ ముందు దెబ్బతినేది జల్లెడ కాదు, గొట్టాలు. అలాంటప్పుడు క్రియాటినినే పట్టి ఇస్తుంది. కాబట్టి రెండు పరీక్షలూ కలిపి చేయించాలి. షుగరు, బీపీ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు వచ్చినవారు ఏడాదికోసారైనా చేయించుకోవాలి.

డయాలసిస్ ఏం చేయదు?

వడపోత 10కి దగ్గరపడి, వాంతులు, ఆయాసం మొదలైతే డయాలసిస్ మొదలుపెడతారు. రక్తాన్ని బయటికి తీసి, సన్నని గొట్టాల కట్టగుండా పంపి, శుభ్రపరచి మళ్ళీ ఒంట్లోకి పంపే యంత్రం అది. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వారంలో ఉన్న 168 గంటల్లో పన్నెండు గంటలన్నమాట. అసలు మూత్రపిండం 168 గంటలూ పని చేస్తుంది.

గంటల తేడాకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. యంత్రంలో జల్లెడ ఉంది, గొట్టం లేదు. అంటే వాకిట్లోకి చేరవేయడం ఉంది, చూసి సర్దుకోవడం లేదు. ఎంత నీరు తీయాలో, ద్రవంలో పొటాషియం ఎంత ఉండాలో డాక్టరు, టెక్నీషియన్ ముందే నిర్ణయించి యంత్రానికి చెబుతారు. మధ్యలో ఉన్న రెండు రోజులూ ఆ నిర్ణయం చేయవలసింది రోగి, ఆయన ఇంట్లోవాళ్ళు. ఆరోగ్యవంతుడు నాలుగు కొబ్బరిబొండాలు తాగితే అందులోని పొటాషియాన్ని గొట్టాలు గంటల్లో బయటికి తోసేస్తాయి. డయాలసిస్ రోగి తాగితే ఆ పొటాషియం తర్వాతి డయాలసిస్ దాకా రక్తంలోనే ఉంటుంది. మితిమీరితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. పరామర్శకు వెళ్ళేవారు బత్తాయిలు, అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు ప్రేమతో పట్టుకెళుతుంటారు. ఆ ఇంటికి మాత్రం అవి వద్దు. అలాగే తాగిన ప్రతి గ్లాసు నీరూ ఒంట్లోనే నిలుస్తుంది కాబట్టి, రెండు డయాలసిస్‌ల మధ్య ఎన్ని కిలోలు బరువు పెరిగారో రాసిపెట్టుకోవాలి. అది కొవ్వు కాదు, నీరు.

మూత్రపిండం చేసే ఇంకో పని కూడా యంత్రానికి రాదు. రక్తకణాలు తయారు చేయమని ఎముక మజ్జకు కబురు పంపే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ మూత్రపిండంలోనే పుడుతుంది. అందుకే డయాలసిస్ రోగులు రక్తహీనతతో పాలిపోతారు. వారికి ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇవ్వాల్సి ఉంటుంది. డయాలసిస్ ఖర్చు ఎవరైనా భరించినా, ఈ ఇంజెక్షన్లు, ఐరన్, బీపీ మందులు, వారానికి మూడుసార్లు వెంట వచ్చే మనిషి కూలి, బండి చార్జీలు చాలాసార్లు ఆ ఇంటి మీదే పడతాయి. ఒక రోగికి సాయం చేయదలచినవారు యంత్రం ఖర్చు ఎవరు కడుతున్నారో మాత్రమే అడగకుండా, ఇంజెక్షను క్రమంగా పడుతోందా, హిమోగ్లోబిన్ ఎంత ఉంది అని కూడా అడిగితే, సాయం ఎక్కడ అందడంలేదో తెలుస్తుంది.

అదే ఇంట్లో అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మంచంలో ఉన్నాయన సంగతి అందరికీ తెలుసు. ఆయన తమ్ముడికి, చెల్లెలికి, పెద్దకొడుక్కి క్రియాటినిన్, ఏసీఆర్ ఎప్పుడైనా చూశారా?